మొత్తాలన్నీ కలిశాయని పచ్చరంగు చూపిన బిల్లులో 200 రూపాయల తప్పు ఎలా మిగిలింది?

బాలానగర్_లెక్కలు

మా ఆఫీసులో నేనూ ఇంకొక అమ్మాయీ కలిసి ఆరు చిన్న వర్క్‌షాపుల లెక్కలు రాస్తాం. కొనుగోలు బిల్లులు నెలకు నాలుగు వందల దాకా వస్తాయి. వాటిని స్కాన్ చేసి, టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాముతో చదివించి, వచ్చిన అంకెలను ఎక్సెల్‌లో వేసే చిన్న పైథాన్ స్క్రిప్టును నేనే రాసుకున్నాను. వరుసల మొత్తానికి పన్నూ రౌండాఫూ కలిపితే బిల్లు చివరి మొత్తం వస్తుందో లేదో అది చూస్తుంది. వస్తే పచ్చరంగు, రాకపోతే ఎరుపు వేస్తుంది. ఎరుపు పడిన బిల్లులకే మేము కాగితం తీసి చూస్తాం.

పోయిన నెల ట్రూప్ బజార్‌లోని ఒక ఎలక్ట్రికల్ దుకాణం బిల్లు పచ్చగా వెళ్లిపోయింది. తరువాత, అమ్మినవాళ్లు దాఖలు చేసిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ తయారుచేసే జీఎస్టీఆర్-2బీతో పోల్చినప్పుడు అక్కడ పన్ను విధించదగిన విలువ 18,806 ఉంటే మా పుస్తకంలో 19,006 ఉంది. కాగితం తీసి చూస్తే మూడో వరుసలో 7,650 అని ఉన్నదాన్ని స్క్రిప్టు 7,850గా చదివింది. స్క్రిప్టు చదివినది ఇది:

```
ఎంసీబీలు            24 × 186.50     4,476.00
వైరు చుట్టలు         15 × 342.00     5,130.00
బోర్డులు              6 × 1,275.00   7,850.00
స్విచ్ ప్లేట్లు        40 × 38.75      1,550.00
CGST 9%                            1,692.54
SGST 9%                            1,692.54
Total                             22,191.00
```

చివరి మొత్తం 22,191 అనేది కాగితం మీద ఉన్నదే, పన్ను కూడా కాగితం మీద ఉన్నదే. ఒక వరుసలో 200 ఎక్కువైతే కూడిక ఎక్కడో ఒకచోట తప్పాలి కదా, మరి పచ్చరంగు ఎలా పడింది? రెండు రోజులుగా చూస్తున్నాను, నాకు అంతుపట్టడం లేదు.

దిల్‌సుఖ్‌నగర్_దత్తు

దీనికింత శ్రమ అవసరం లేదు. ఎలాగూ నెలనెలా 2బీతో పోల్చక తప్పదు, అక్కడ కలిస్తే బిల్లు సరైనదే, కలవకపోతే కాగితం తీసి చూసుకోవచ్చు. నేను మూడేళ్లుగా అలాగే చేస్తున్నాను. స్కాన్ చేసిన బొమ్మ మీద కూడికలు వేయడమంటే ఒకే పని రెండుసార్లు చేయడమే.

బాలానగర్_లెక్కలు

దత్తు గారూ, 2బీ తయారయ్యేది తరువాతి నెల 14వ తేదీన. అప్పటికి ఆ సరుకు స్టాకులో తప్పు ధరకు ఎక్కి, సగం ఖర్చు కూడా అయిపోయి ఉంటుంది. పైగా 2బీలో బిల్లు మొత్తాలే ఉంటాయి, వరుసలు ఉండవు. ఒక్కో బోర్డు 1,275కు కొన్నామా, ఇంకో ధరకు కొన్నామా అనేది అది చెప్పదు. జీఎస్టీ నమోదు లేని దుకాణాల బిల్లులైతే అందులోకి రానే రావు.

దిల్‌సుఖ్‌నగర్_దత్తు

స్టాకు సంగతి నేను ఆలోచించలేదు. మా పార్టీలందరూ సేవల వ్యాపారమే, వాళ్లకు గోదాము లేదు, ఉన్నది ఒక కాఫీ యంత్రం మాత్రమే.

చుక్కా_కామా

బాలానగర్ గారూ, మీరు పెట్టిన జాబితాలో రెండు అంకెలు లేవు. ఒకటి పన్నుకు ముందు ఉండే మొత్తం, అంటే 18,806, రెండోది రౌండాఫ్. కానీ మీ ఎక్సెల్‌లో ఆ రెండు గళ్లూ నిండే ఉంటాయని అనుకుంటున్నాను. వాటిలోని అంకెలను స్క్రిప్టు కాగితం నుంచి చదివిందా, తానే లెక్క కట్టి నింపిందా? ఆ రెండు గళ్లలో ఏముందో చెప్పండి.

బాలానగర్_లెక్కలు

ఇప్పుడే తీసి చూశాను. పన్నుకు ముందు మొత్తం 19,006.00. రౌండాఫ్ గడిలో −200.08 ఉంది.

రౌండాఫ్ రెండు వందల రూపాయలు! దీన్ని నేనే రాశానని ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కొన్ని బిల్లుల మీద రౌండాఫ్ ముద్రించరు కాబట్టి, చివరి మొత్తంలోంచి మిగిలినవన్నీ తీసేసి వచ్చినదాన్నే రౌండాఫ్ అనుకోమని రాశాను. పన్నుకు ముందు మొత్తం కనపడకపోతే వరుసలను కూడి నింపమని కూడా నేనే రాశాను.

సాయంత్రం_షిఫ్టు

రెండు వందల రూపాయల రౌండాఫ్ ఇచ్చే దుకాణం ఎక్కడుందో చెబితే మేము కూడా అక్కడే కొంటాం.

చుక్కా_కామా

అయితే కారణం దొరికినట్టే. చివరి మొత్తంలోంచి అన్నీ తీసేసి మిగిలినదాన్ని రౌండాఫ్ అన్నారు. ఆ రౌండాఫ్‌ను మళ్లీ అన్నింటితో కలిపి చివరి మొత్తం వస్తోందా అని చూశారు. అది రాక ఎక్కడికి పోతుంది? 7,850 స్థానంలో 78,500 చదివినా మీ బిల్లు పచ్చగానే ఉంటుంది, రౌండాఫ్ మాత్రం డెబ్బై వేలు దాటుతుంది. ఆ పచ్చరంగు కాగితం గురించి ఏమీ చెప్పడం లేదు, కంప్యూటర్‌కు తీసివేత వచ్చునని మాత్రమే చెబుతోంది.

నేను పాటించే పద్ధతి ఇది. ప్రతి అంకెకూ రెండు గళ్లు ఉండాలి: కాగితం మీద చదివినది ఒకటి, లెక్క కట్టినది ఇంకొకటి. చదవలేకపోతే మొదటి గడి ఖాళీగానే ఉండాలి, లెక్కతో దాన్ని ఎప్పుడూ నింపకూడదు. పోల్చడమంటే చదివినదాన్ని లెక్క కట్టినదానితో పోల్చడమే. చదివిన గడి ఖాళీగా ఉంటే ఆ పరీక్ష నెగ్గిందనీ అనలేము, తప్పిందనీ అనలేము, జరగలేదు అనాలి. అందుకే పచ్చ, ఎరుపులతో పాటు మీకు పసుపు కూడా కావాలి.

ఇక మీ స్క్రిప్టుకు 18,806 ఎందుకు కనపడలేదో కూడా ఊహించగలను. టాలీ నుంచి ముద్రించిన బిల్లులో వరుసలు అయిపోయాక ఆ మొత్తం ఒంటరిగా ఉంటుంది. దాని పక్కన పేరేమీ ఉండదు, దాని కిందే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వస్తాయి. పేరును బట్టి అంకెను వెతికే స్క్రిప్టు దాన్ని దాటిపోతుంది, లేదా ఇంకా ఘోరంగా, ఐదో వరుస అనుకుంటుంది. అయితే అదే అంకె బిల్లు అడుగున హెచ్‌ఎస్‌ఎన్ పట్టికలో Taxable Value కింద మరొకసారి ఉంటుంది. అక్కడ పేరుంది కాబట్టి అక్కడి నుంచి చదవండి.

బాలానగర్_లెక్కలు

అవును, టాలీ బిల్లే. హెచ్‌ఎస్‌ఎన్ పట్టికను ఇంతవరకూ చదివించలేదు, అది మాకు అక్కరలేదనుకుని బొమ్మలోంచి కత్తిరించేస్తున్నాను.

రాణిగంజ్_గుమాస్తా

నేను ముప్పై ఏళ్లకు పైగా చిట్టా పుస్తకాలు రాసినవాణ్ని, కంప్యూటర్ సంగతులు అంతగా తెలియవు. మా రోజుల్లో ట్రయల్ బ్యాలెన్స్ కలవకపోతే ముందుగా తేడాను తొమ్మిదితో భాగించి చూసేవాళ్లం. శేషం లేకుండా పోతే అంకెలు తారుమారై ఉండవచ్చని అర్థం. 54 రాయవలసిన చోట 45 రాసి ఉంటారు. ఆ సూత్రాన్నే మీ స్క్రిప్టులో పెట్టుకోండి, తప్పెక్కడుందో అదే పట్టిస్తుంది.

చుక్కా_కామా

గుమాస్తా గారూ, ఆ సూత్రం నిజమే కానీ అది చేతితో రాసేవాడి తప్పును పట్టే సూత్రం. మనిషి అంకెలను తారుమారు చేస్తాడు. ఓసీఆర్ అలా చేయదు, ఒక అంకె ఆకారాన్ని చూసి ఇంకొకటి అనుకుంటుంది: 6ను 8 అని, 1ని 7 అని, 3ను 8 అని. ఒక్క స్థానంలో ఒక్క అంకె మారితే తేడాలో ఒకే అంకె, దాని వెనుక సున్నాలు ఉంటాయి. ఇక్కడ చూడండి, తేడా సరిగ్గా 200. అంటే వందల స్థానంలో అంకె రెండు మెట్లు మారింది. 6 కాస్తా 8 అయింది. తొమ్మిదితో భాగిస్తే ఇది పోదు. 0ను 9గానో, 9ని 0గానో చదివితే తప్ప ఒక్క అంకె మారడం వల్ల వచ్చే తేడా ఏదీ తొమ్మిదితో పోదు.

అయితే మీ తొమ్మిది ఇంకొక చోట పనికొస్తుంది. చుక్క ఎగిరిపోయి 1,550.00 కాస్తా 155000 అయిందనుకోండి. తేడా 1,53,450, అది 1,550కు సరిగ్గా 99 రెట్లు. తొమ్మిదితో పోతుంది, పదకొండుతో కూడా పోతుంది. చవక స్కానర్లలో చుక్కలు ఎగిరిపోవడం రోజూ చూసేదే.

రాణిగంజ్_గుమాస్తా

సరే, యంత్రం తప్పులు వేరు, మనిషి తప్పులు వేరు అంటున్నారు. నేను ఒప్పుకున్నాను గానీ, తొమ్మిదిని అప్పుడే చెత్తబుట్టలో వేయకండి.

కోఠి_మందుల_కొట్టు

మాకు కూడా ఇదే బాధ, ఎంత తేడా వరకు వదిలేయాలో తెలియడం లేదు. మా డిస్ట్రిబ్యూటర్ల బిల్లులు దాదాపు అన్నీ ఎరుపే చూపిస్తాయి. పది కొంటే ఒకటి ఉచితం అని పరిమాణం గడిలో 10+1 అని ఉంటుంది, మా అబ్బాయి పెట్టిన ప్రోగ్రాము దాన్ని ఒకసారి 11 అని, ఒకసారి 101 అని చదువుతుంది. ఆ పైన స్కీము తగ్గింపు, దాని తరువాత నగదు తగ్గింపు ఉంటాయి. విసిగిపోయి వంద రూపాయల వరకు తేడా ఉన్నా పరవాలేదని పెట్టించాను, ఇప్పుడు అన్నీ పచ్చగానే ఉన్నాయి.

బాలానగర్_లెక్కలు

అమ్మా, నా సమస్య దానికి తలకిందులు. మీకు సరైన బిల్లులు ఎరుపయ్యాయి, నాకు తప్పు బిల్లు పచ్చగా అయింది. అయితే వంద రూపాయలు వదిలేసిన తరువాత ఇప్పుడు మీరు కూడా నా పక్కకే వచ్చి కూర్చున్నారు.

చుక్కా_కామా

కోఠి గారి బిల్లుల్లో తేడా చదవడంలో లేదు, సూత్రంలో ఉంది. ఆ వరుస లెక్క పరిమాణాన్ని ధరతో గుణించడంతో ముగియదు. ఉచితంగా వచ్చినదాన్ని పక్కన పెట్టి, పదిని ధరతో గుణించి, అందులోంచి తగ్గింపులు ముద్రించిన వరుసక్రమంలోనే తీసేయాలి. రెండో తగ్గింపు మొదటిది పోయాక మిగిలిన దాని మీద లెక్కకడతారు కాబట్టి రెండు శాతాలనూ కలిపేసి ఒకేసారి తీస్తే మొత్తం రాదు. సూత్రం ఒక్కో సరఫరాదారుకు ఒక్కో రకంగా ఉంటుంది, కానీ ఒకే సరఫరాదారు బిల్లులన్నింటికీ ఒకటే ఉంటుంది. దాన్ని ఒకసారి సరిగ్గా రాసుకుంటే వంద రూపాయలు కాదు కదా, ఒక రూపాయి కూడా వదిలేయనక్కరలేదు.

వదిలేయదగిన తేడా పైసల గుండ్రింపు వల్ల వచ్చేది మాత్రమే, దానికి హద్దు ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు పన్నును వరుసవారీగా కట్టి గుండ్రించి కూడతాయి, కొన్ని మొత్తం మీద ఒకేసారి కడతాయి. 50.50 చొప్పున మూడు వరుసలు ఉన్నాయనుకోండి. తొమ్మిది శాతం చొప్పున వరుసకు 4.545, అంటే 4.55, మూడూ కలిపితే 13.65. అదే 151.50 మీద ఒకేసారి కడితే 13.635, అంటే 13.64. తేడా ఒక్క పైసా. ఒక్కో వరుస వల్ల అరపైసాకు మించి తేడా రాదు, మొత్తాన్ని గుండ్రించడం వల్ల ఇంకొక అరపైసా. కాబట్టి నాలుగు వరుసల బిల్లులో ఒక్కో పన్నుకు రెండున్నర పైసలకు పైన కనపడే తేడా ఏదైనా గుండ్రింపు కాదు, తప్పే.

సాయంత్రం_షిఫ్టు

స్క్రిప్టు రాసేవాళ్లకు ఒక హెచ్చరిక. పైథాన్‌లో మామూలు దశాంశాలతో ఈ పని చేయవద్దు. `round(2.675, 2)` అని అడిగితే 2.68 కాదు, 2.67 వస్తుంది. దుకాణం వాడి సాఫ్ట్‌వేరు 2.68 అని ముద్రించి ఉంటుంది, మీరు పైసా తేడా కోసం సాయంత్రమంతా వెతుక్కుంటారు. `Decimal` వాడండి, గుండ్రించేటప్పుడు `ROUND_HALF_UP` అని చెప్పండి, ఓసీఆర్ ఇచ్చిన అక్షరాల నుంచే నేరుగా `Decimal` చేయండి. బాలానగర్ గారి బిల్లుకు, హెచ్‌ఎస్‌ఎన్ పట్టికలోని మొత్తాన్నీ కాగితం మీది రౌండాఫ్‌నూ చదివి ఉంటే, ఇలా ఉండేది:

```python
from decimal import Decimal as D
lines = [D("4476.00"), D("5130.00"), D("7850.00"), D("1550.00")]
taxable, cgst, sgst = D("18806.00"), D("1692.54"), D("1692.54")
rnd, grand = D("-0.08"), D("22191.00")

print(sum(lines) - taxable)                 # 200.00
print(taxable * D("0.09") - cgst)           # 0.0000
print(taxable + cgst + sgst + rnd - grand)  # 0.00
print(6 * D("1275.00") - lines[2])          # -200.00
```

బాలానగర్_లెక్కలు

నాలుగింటిలో రెండు తప్పాయి, రెండు కలిశాయి. ఇప్పుడు ఏ గడి తప్పో చెప్పగలమా, లేక బిల్లు ఎక్కడో తప్పు అని మాత్రమే చెప్పగలమా?

చుక్కా_కామా

చెప్పగలం, అసలు పని అక్కడే ఉంది. ప్రతి అంకె ఏయే సమీకరణాల్లో పాల్గొంటుందో చూడండి. మూడో వరుస మొత్తం రెండింటిలో ఉంది: వరుస లోపలి గుణకారంలో ఒకసారి, నిలువు కూడికలో ఒకసారి. ఆ రెండూ తప్పి, పన్నూ చివరి మొత్తమూ కలిస్తే వేలు పెట్టి చూపించినట్టే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఆ ఒక్క గడి. అదే నిలువు కూడిక కలిసి గుణకారం ఒక్కటే తప్పితే తప్పు పరిమాణంలోనో ధరలోనో ఉంది. అప్పుడు వరుస మొత్తాన్ని ధరతో భాగించి చూడండి. 7,650ని 1,275తో భాగిస్తే 6 పూర్ణసంఖ్యగా వస్తుంది, కాబట్టి పరిమాణం గడిలో 8 చదివి ఉంటే అది 6 కావచ్చని తెలుస్తుంది. ధరే తప్పనుకుంటే 956.25 కావాలి, 1,275ను చూసి 956.25 అని ఏ యంత్రమూ పొరపడదు.

వరుసలన్నీ లోపల సరిగ్గానే ఉండి నిలువు కూడిక తప్పి, పన్ను కలిస్తే, ఒక వరుస మొత్తంగా జారిపోయి ఉంటుంది. రెండు పేజీల బిల్లులో పేజీ చివరి వరుస మీద ఈ అనుమానం ముందుగా పడాలి. అన్ని వరుసలూ ఒకే కొలమానంలో ఉంటే టాలీ అడుగున పరిమాణాల మొత్తం కూడా ముద్రిస్తుంది. మీ బిల్లులో అది 85 ఉండాలి.

రౌండాఫ్ విషయంలో ఒక చిన్న చిక్కు ఉంది. టాలీ దాన్ని (-)0.08 అని బ్రాకెట్లతో వేస్తుంది, ఓసీఆర్ తరచుగా ఆ గీతను మింగేసి 0.08 ఇస్తుంది. అప్పుడు చివరి సమీకరణంలో 16 పైసల తేడా వస్తుంది. తేడా సరిగ్గా రౌండాఫ్‌కు రెట్టింపు ఉంటే గుర్తు పోయిందని అర్థం.

క్యూఆర్_కిట్టు

ఇంత గణితం దేనికి? ఇ-ఇన్‌వాయిస్ అయితే మూలన క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాన్ని విప్పితే `TotInvVal`లో బిల్లు మొత్తం, `ItemCnt`లో వరుసల సంఖ్య అంకెలుగా వచ్చేస్తాయి. ఓసీఆర్‌కు సంబంధం లేని సాక్ష్యం, పైగా డిజిటల్ సంతకంతో ఉంటుంది. మేము అదే వాడుతున్నాం.

చుక్కా_కామా

మంచి సాక్ష్యమే, జారిపోయిన వరుసను `ItemCnt` కంటే బాగా పట్టించేది లేదు. అయితే ఇ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయింది ఐదు కోట్లకు మించిన టర్నోవరు ఉన్నవాళ్లకు, అది కూడా 2023 ఆగస్టు నుంచి. ట్రూప్ బజార్‌లోని చిన్న దుకాణం బిల్లు మీద అది ఉండకపోవచ్చు. పైగా ఈ బిల్లులో చివరి మొత్తం సరిగ్గానే చదివింది, వరుసలూ నాలుగే. కాబట్టి క్యూఆర్ ఉన్నా ఈ తప్పు దాటిపోయేది. వరుసల విలువలు అందులో ఉండవు.

బాలానగర్_లెక్కలు

క్యూఆర్ లేదు. ఉన్నా మా దగ్గర చదవలేమేమో, నేను 150 డీపీఐలో స్కాన్ చేస్తున్నాను, ఫైళ్లు చిన్నగా ఉంటాయని.

సాయంత్రం_షిఫ్టు

బాలానగర్ గారూ, ముందే చెప్పి ఉంటే ఈ చర్చ సగంలో అయిపోయేది. 300 పెట్టండి. 150లో 6 కడుపుకూ 8 కడుపుకూ మధ్య తేడా రెండు మూడు చుక్కల్లో ఉంటుంది.

సరళ_ఖాతాలు

చివరి మొత్తానికి క్యూఆర్ లేకపోయినా ఇంకొక సాక్ష్యం చాలా బిల్లుల మీద ఉంటుంది, దాన్ని ఎవరూ చెప్పలేదు. మొత్తాన్ని అక్షరాల్లో రాస్తారు: Twenty Two Thousand One Hundred Ninety One Only అని. అంకెల్లో 6ను 8గా చదివే యంత్రం అక్షరాల్లో Six ను Eight గా చదవదు. టాలీ బిల్లులో పన్ను మొత్తాన్ని కూడా అక్షరాల్లో వేస్తుంది. నేను అక్షరాల వాక్యాన్ని అంకెలుగా మార్చి పోలుస్తాను. ఒకటి రెండు అక్షరాలు చెడినా మాట గుర్తుపట్టగలం, ఎందుకంటే అక్కడ రాగల మాటలు ముప్పై నలభై మాత్రమే.

నాకు దీంతో దొరికిన తమాషా ఒకటి ఉంది. ఒక బిల్లులో చివరి మొత్తం 722,191.00 అని వచ్చింది, అక్షరాల్లో చూస్తే ఇరవై రెండు వేల చిల్లర. ఆ 7 అంకె కాదు, రూపాయి గుర్తు! ₹ను యంత్రం 7 అనుకుంది. తరువాత కామాలను చూసినా అది తెలిసిపోతుందని గమనించాను. మన పద్ధతిలో ఏడు లక్షలైతే 7,22,191 అని ఉండాలి. కామా స్థానమే తప్పుగా ఉంది. కామాలను తీసేసే ముందు వాటిని ఒకసారి చూడటం మంచిది.

చుక్కా_కామా

నా పేరులో కామా ఉండి కూడా ఈ సంగతి నాకు తట్టలేదు, రాసి పెట్టుకుంటున్నాను.

సాయంత్రం_షిఫ్టు

ఇక నా వాదన. తప్పు గడి తెలిసింది. నిలువు కూడిక ప్రకారం అందులో 7,650 ఉండాలి, గుణకారం ప్రకారం కూడా 7,650 ఉండాలి. రెండు వేర్వేరు దారులు ఒకే అంకె చెబుతున్నాయి, మారినది 6, 8 అనే కవల పిల్లలు. ఇంకా మనిషిని లేపడం ఎందుకు, స్క్రిప్టే దిద్దేయవచ్చు కదా?

చుక్కా_కామా

దిద్దకూడదని నా అభిప్రాయం. సూచించవచ్చు, ఆ గడి బొమ్మను పక్కనే కత్తిరించి చూపించి "7,650 కావచ్చునా" అని అడగవచ్చు. మనిషికి రెండు సెకన్ల పని. స్క్రిప్టే దిద్దితే, చదివిన గడిలోకి లెక్క కట్టినది మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మనం మొదలుపెట్టింది అక్కడే కదా.

సాయంత్రం_షిఫ్టు

నెలకు నాలుగు వందల బిల్లులైతే రెండు సెకన్లే. మా ఆఫీసుకు రోజుకు రెండు వేలు వస్తాయి. దిద్దినదని ఒక గుర్తు పెట్టి, పాత అంకెను దాచి ఉంచితే నష్టమేమిటి? రెండు సమీకరణాలు ఒకే మాట చెప్పినప్పుడు మాత్రమే దిద్దుతాను, ఒక్కటే చెబితే ముట్టుకోను.

చుక్కా_కామా

పాత అంకెను దాచి ఉంచుతానంటే మునుపటి కంటే మెరుగే, కానీ దాన్ని మళ్లీ తెరిచి చూసేవాళ్లు ఎవరు?

బాలానగర్_లెక్కలు

మూడు రోజులు పట్టింది, పాత పచ్చ బిల్లులన్నింటినీ కొత్త పద్ధతిలో మళ్లీ నడిపాను. హెచ్‌ఎస్‌ఎన్ పట్టిక చదువుతున్నాను, రౌండాఫ్‌ను లెక్కతో నింపడం మానేశాను, అది యాభై పైసలకు మించితే ఎరుపు. స్కానర్‌ను 300కు మార్చాను కానీ పాత బొమ్మలు 150లోనే ఉన్నాయి.

పాత రౌండాఫ్ గడిలో రూపాయికి పైన ఉన్నవి ఏడు దొరికాయి. ఐదింటిలో అంకె పొరపాటు. ఒకదానిలో రవాణా ఖర్చు వరుసల కింద విడిగా ఉంది, దాని మీద కూడా పన్ను వేశారు, నేను దాన్ని చదవనే లేదు. ఏడోది మాత్రం అర్థం కావడం లేదు. బేగంబజార్‌లో చేతితో రాసిన బిల్లు, దాన్ని మా అమ్మాయి కాగితం చూసి టైపు చేసింది. 12 × 65, ఎదురుగా 780. వరుసలు కూడితే కింద ఉన్న మొత్తానికి 90 తక్కువగా వస్తోంది. మొత్తం ప్రకారమే పన్ను సరిపోతోంది. కాగితం వర్క్‌షాపులో ఉంది, రేపు తెప్పిస్తాను.

రాణిగంజ్_గుమాస్తా

తొంభై తొమ్మిదితో పోతుంది. కాగితం మీద 870 ఉంటుంది చూడండి.

బాలానగర్_లెక్కలు

కాగితం వచ్చింది. గుమాస్తా గారూ, 870 అనే ఉంది. దుకాణదారుడే 780 రాయబోయి 870 రాశాడు, దాన్నే కూడాడు, దాని మీదే పన్ను వేశాడు, మేము డబ్బు కూడా అంతే కట్టాం. మా అమ్మాయి టైపు చేసేటప్పుడు గుణకారం చూసి "తప్పు రాశాడు" అనుకుని 780 అని దిద్దేసిందట.

రాణిగంజ్_గుమాస్తా

నేను చెప్పలేదా, చెత్తబుట్టలో వేయవద్దని.

చుక్కా_కామా

కాగితం మీద ఉన్నది 870 కాబట్టి చదివిన గడిలో 870 ఉండాల్సిందే, లెక్క గడిలో 780 ఉంటుంది. అది మీ తప్పు కాదు, అతని బిల్లులోని తప్పు. తొంభై రూపాయలకూ దాని మీది పన్నుకూ క్రెడిట్ నోటు అడగండి.

సాయంత్రం షిఫ్టు గారూ, మీ స్క్రిప్టు ఈ బిల్లును ఏం చేసి ఉండేది?

సాయంత్రం_షిఫ్టు

870 అని చదివి ఉంటే గుణకారం ఒక్కటే తప్పేది, నిలువు కూడిక కలిసేది. రెండూ ఒకే మాట చెప్పలేదు కాబట్టి ముట్టుకునేది కాదు. నా షరతు ఇక్కడ కూడా నిలబడింది. దిద్దింది మనిషే, స్క్రిప్టు కాదు.

కోఠి_మందుల_కొట్టు

మా అబ్బాయితో ఆ వంద రూపాయలు తీసేయించాను. ఇప్పుడు మళ్లీ అన్నీ ఎరుపే. తగ్గింపుల క్రమం రాసుకోవడానికి ముందుగా ఏ డిస్ట్రిబ్యూటరుతో మొదలుపెట్టాలో తెలియడం లేదు, మొత్తం పద్నాలుగు మంది ఉన్నారు.

చుక్కా_కామా

ఎక్కువ బిల్లులు ఎవరి దగ్గర నుంచి వస్తాయో వాళ్లతో. ఒక బిల్లును ఇక్కడ పెట్టండి, పేర్లు చెరిపేసి.